పసుపు మిషను షాఫ్టుకు నేను వేసిన కొలతలు

ఇది రాయక తప్పదు. మొన్న బాన్సువాడలో ఒక పెళ్లి భోజనాల దగ్గర పాత వర్క్‌షాపు మాట వచ్చింది. నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అన్నం కలుపుకుంటూ, "గా లేతు ఆయన చెయ్యి మంచిది కాదు, ఆయన జేసిన షాఫ్టుతోటే మనిషి కన్ను పోయింది" అన్నాడు. ఆయన చెయ్యి మంచిదేనని, తప్పు నా డ్రాయింగుదని చెప్పాను. పప్పు వడ్డించే అతను నవ్వాడు. మిగిలినవాళ్లు పెరుగు రాలేదని అరుస్తున్నారు. లేతు ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన మనవళ్లు ఈ ఊళ్లోనే తిరుగుతున్నారు. వాళ్ల చెవిన పడుతున్న మాట అబద్ధమని ఆ రోజు కళ్లారా చూసినవాళ్లలో బతికున్నది నేనొక్కడినే.

డెబ్భైలు ముగుస్తున్న రోజులవి. బాన్సువాడలోనే, బోధన్ రోడ్డు మీద మా వర్క్‌షాపు. రైసు మిల్లుల విడిభాగాలు, పసుపూ మిరపా దంచే మిషన్లు చేసేవాళ్లం. యజమానిని అందరం సేటు అనేవాళ్లం. ఇనుప కడ్డీని తిప్పుతూ కొలతకు కోసే లేతు మిషన్లు రెండు ఉండేవి. పెద్ద లేతు మీద పనిచేసే ఆయన నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అని పిలిచేవాణ్ని. పైన రేకుల గదిలో డ్రాయింగు టేబుళ్లు రెండు. ఒకటి పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌ది, రెండోది కొత్తగా చేరిన నాది. పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ కృష్ణా జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొనుక్కున్న కుటుంబంలోని మనిషి. అందరికీ ఆయన పెద్దాయనే. కోపం వస్తే చేతిలో ఏముంటే అది విసిరేవారు. ఆ గది తలుపు మీద డివైడరు మొనలు గుచ్చుకున్న గుర్తులు ఎన్నో ఉండేవి.

నేను ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చదవలేదు. మెట్రిక్ తర్వాత శాఖా గ్రంథాలయంలో కూర్చుని యంత్రాల డ్రాయింగు పుస్తకాలు నాలుగింటిని నోట్సు రాసుకుంటూ చదివాను. అట్ట ఊడిన వాటికి మైదా పిండితో అట్టలు వేసింది కూడా నేనే. ఆ చదువు నాకు గొప్పగా ఉండేది. ఎవరైనా నీ గురువెవరని అడిగితే బీరువా నంబరు చెప్పేవాణ్ని.

నాట్లకని పెద్దాయన పది రోజులు సెలవు పెట్టారు. అదే వారం మద్నూరు దగ్గరి మిల్లు కోసం పసుపు మిషను షాఫ్టు డ్రాయింగు కావాలని సేటు నా మీద పడ్డాడు. మెట్లు మెట్లుగా ఉండే షాఫ్టు అది. ఎడమ చివర బేరింగు కూర్చుంటుంది. అక్కడి నుంచి కుడికి లావెక్కుతూ మూడు మెట్లు, నాలుగోది అన్నిటికన్నా లావైన కాలరు. ఆ కాలరు కుడి ముఖానికి ఆనుకుని రోటరు, అంటే సుత్తిపలకలు బిగించిన చక్రం, నిలబడుతుంది. రోటరుకూ పక్కనున్న పోత ఇనుప మూతకూ మధ్య ఉండాల్సిన సందు ఒకటిన్నర మిల్లీమీటర్లు.

నేను ఒక్కో మెట్టు పొడవూ వరసగా వేశాను. ముప్పై, ముప్పై అయిదు, నలభై అయిదు, ఇరవై. ఒకే గీత మీద బాణాలు ఎదురెదురుగా, పూలదండలా వచ్చాయి. అడుగున "పొడవుల్లో అర మిల్లీమీటరు అటూఇటూ పరవాలేదు" అని రాశాను. తనిఖీ చేసినవారు సంతకం పెట్టాల్సిన గడి ఖాళీగానే ఉంది. సేటు ఆ గడి వంక చూడనైనా చూడకుండా నా ట్రేసింగు కాగితం మీంచి ప్రింటు తీయించి కిందికి పంపాడు.

షాఫ్టు తయారైంది. మిషను బిగించి చేత్తో తిప్పితే తిరిగింది. లారీ ఎక్కించాం.

మిల్లులో రెండో రోజు పూర్తి లోడు మీద నడుస్తుండగా రోటరు అంచు మూతకు రాసుకుంది. పోత ఇనుము వేడికి పగిలింది, ఒక సుత్తిపలక ఆ పగులులో ఇరుక్కుని మూతను ముక్కలు చేసింది. అరచెయ్యంత ముక్క ఎదురుగా గోనెసంచి పట్టుకున్న మనిషి ముఖంలో దిగింది. ఎడమ కన్నూ ఆ వైపు దవడా పోయాయి. దవాఖానకు తీసుకెళ్లేదాకా రక్తం మీద పసుపు పడి ముద్దకట్టిందట. ఈ వివరాలన్నీ అతని అన్నలే చెప్పారు. చెబుతూనే కొట్టారు.

వాళ్లు ఇద్దరు. మర్నాడు పొద్దున షట్టరు ఎత్తీ ఎత్తకముందే లారీ ఆపి దిగారు. లారీలోంచి షాఫ్టును ఎత్తి వాకిట్లో పడేశారు. పెద్దవాడు లారీ మెకానిక్కు. చేతిలో జాకీ రాడ్డు ఉంది.

"గిది కోసినోడు ఎవడు?"

"నేనే" అన్నాడు లేతు అన్న. ఇంకా చేతులకు నూనె కూడా అంటలేదు.

చిన్నవాడు లేతు అన్న మెడ పట్టి తలను లేతు బెడ్డుకేసి కొట్టాడు. ఆ చప్పుడుకు పైన నా టేబులు మీది స్కేలు కదిలిందని నాకు గుర్తు. అది నిజమో, నా భయమో చెప్పలేను. నేను మెట్ల మీద నిలబడిపోయాను. రెండోసారి కొట్టినప్పుడు అన్న నోట్లోంచి పన్ను ఊడి ఇనుప రజను ట్రేలో పడింది. మూడోసారి సేటు అడ్డుపడ్డాడు. అడ్డుపడింది మనిషి కోసం కాదు, లేతు కోసం.

"అరె భయ్, మిషను ఇరుగుతది! మీకేం గావాలె చెప్పుండ్రి."

"మా తమ్ముని కన్ను గావాలె, ఇస్తవా?" అన్నాడు పెద్దవాడు. "ఇయ్యలేవు గద. పొద్దుగూకేలోపు వీడు మా ముంగట తప్పు ఒప్పుకోవాలె. గాయెన్క వీని చేతులు మేం జూసుకుంటం. ఇగ జన్మల లేతు పట్టుకోడు."

"ఒప్పుకుంటడు. నాది గ్యారంటీ" అన్నాడు సేటు.

లారీ వెళ్లిపోయింది. అన్న లేతు పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

పెద్దాయన సెలవు ముగించుకుని సరిగ్గా ఆ రోజే వచ్చారు. పంచెకు ఇంకా నాటు బురద చారలున్నాయి. ఎవరితోనూ మాట్లాడకుండా వాకిట్లోని షాఫ్టును భుజాన వేసుకుని పైకి తెచ్చి నా టేబులు మీద, నా కాగితాల మీద దబ్బున పడేశారు. ఇంకు బుడ్డి పగిలింది.

"ట్రేసింగు తియ్యి."

తీశాను. చూశారు. ఎడమ చేత్తో నా చెంప మీద కొట్టారు. కుర్చీతో సహా పడ్డాను.

"లే. వెర్నియరు పట్టుకో. కాలరు ఎంత?"

"ఇరవై పాయింట్ నాలుగు."

"నువ్వెంత రాశావ్?"

"ఇరవై. అర మిల్లీమీటరు దాకా పరవాలేదు సార్."

"అయితే వాడు నీ హద్దులోనే ఉన్నాడు. తర్వాతది?"

నలభై అయిదు పాయింట్ మూడు. ముప్పై అయిదు పాయింట్ నాలుగు. ముప్పై పాయింట్ మూడు. ఒక్కటీ హద్దు దాటలేదు. ఆయన ప్రతి అంకెకూ టేబులు మీద పిడికిలితో గుద్దుతున్నారు.

"ఇప్పుడు బేరింగు ఆనే ముఖం నుంచి రోటరు ఆనే ముఖం దాకా మొత్తం కొలు."

నూట ముప్పై ఒకటి పాయింట్ నాలుగు. ఉండాల్సింది నూట ముప్పై.

"నాలుగు మెట్లూ ఒప్పే. షాఫ్టు తప్పు. ఎట్లా కుదిరిందిరా ఈ చమత్కారం? చెప్పు, లైబ్రరీ పండితుడా!"

ఆయన నా జుట్టు పట్టుకుని తలను షాఫ్టు మీదికి వంచారు. బేరింగు కూర్చునే చోటు పక్కన, మొదటి మెట్టు ముఖం మీద సుద్దతో గీత పెట్టారు.

"మిషను డబ్బాలో బేరింగు కదలదు. షాఫ్టు ఈ ముఖంతో ఆ బేరింగుకి ఆనుతుంది. అంటే మిషను ఈ షాఫ్టుని పట్టుకునేది ఇక్కడ. ఈ ఒక్క ముఖమే దానికి తెలుసు. రోటరు ఎక్కడ నిలబడాలో మిషను ఇక్కణ్నుంచే లెక్కేస్తుంది. నువ్వేం చేశావ్? మెట్టు నుంచి మెట్టు, దాన్నుంచి ఇంకో మెట్టు. మా పొలంలో మళ్లు కొలిచేవాడు ఇట్లాగే ఒక్కో మడినీ పక్క మడి గట్టు నుంచి కొలిస్తే, గట్టుకో బెత్తెడు తేడా వచ్చి ఆఖరి మడి కాలవలో పడుతుంది. తూము రాయి దగ్గర నిలబడి అన్ని గట్లూ అక్కణ్నుంచే కొలవాలి. అప్పుడు ఒక గట్టు తప్పు ఇంకో గట్టు మీదికి పోదు."

"నాలుగు తేడాలూ ఒకే దిక్కుకు ఎందుకు పోతయ్ సార్? ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండాలె గద" అన్నాను. ఒక పుస్తకంలో అలా చదివిన గుర్తు.

ఈసారి కొట్టలేదు. "కింద కొలిమి దగ్గర పుట్టినవాడికి తెలుస్తుంది అది. లేతు మీద మనిషి ఎప్పుడూ లోహం మిగిల్చే వైపే ఆగుతాడు. కోసేస్తే మళ్లీ అతికించలేడు కదా. కాలరు నుంచి మొదలుపెట్టి నీ దండ ప్రకారం ఒక్కో ముఖం కోసుకుంటూ ఎడమకి వచ్చాడు. ప్రతి చోటా కొంచెం మిగిల్చాడు. ప్రతి మెట్టూ కొంచెం పొడుగైంది. మంచి పనివాడు కాబట్టే నాలుగూ ఒకే దిక్కుకి పోయాయి. ఒకటిన్నర సందులో ఒకటి పాయింట్ నాలుగు తినేశాయి. మిగిలింది కాగితం మందం. చేత్తో తిప్పితే తిరుగుతుంది. వేడికి షాఫ్టు సాగి, బేరింగులో ఉండే సన్న కదలిక తోడయ్యేసరికి ఆ కాగితం కూడా పోయింది."

"షాఫ్టు ఎడమ చివర నుంచి అన్నీ కొలిస్తే? లేతు అన్నకు స్కేలు పెట్టనీకి అల్కగ ఉంటది."

"అక్కడ ఎవరు ఆనుతున్నారు? నట్టు. చివర గాల్లో ఉంది. చివర నుంచి బేరింగు ముఖానికో తేడా, చివర నుంచి రోటరు ముఖానికో తేడా, రెండూ సందులోకే వచ్చి చేరతాయి. కొలవడానికి సుఖమైన చోటు వేరు, పని జరిగే చోటు వేరు. నువ్వు పని జరిగే చోటు నుంచి కొలత వెయ్యి. వేసి, రోటరు ముఖానికి మాత్రం అర కాదు, పాయింట్ రెండు ఇవ్వు. మిగతా ముఖాలకి నీ అరే చాలు, అక్కడ ఎవరి ప్రాణం లేదు. మొత్తం పొడవు కూడా ఇచ్చి గొలుసు బిగించకు. బెల్టు కప్పీ ఎక్కే కుడి చివరి ముక్కని కొలత లేకుండా వదిలెయ్. మిగిలిన తేడా అంతా అందులో పడి చస్తుంది."

సుద్దతో టేబులు మీదే గీశారు. ఒకే ముఖం నుంచి నాలుగు బాణాలు, ఒకదాని కింద ఒకటి, పొడుగవుతూ వెళ్లాయి. ముప్పై, అరవై అయిదు, నూట పది, నూట ముప్పై. అంత తేలికైన బొమ్మ ఏ పుస్తకంలోనూ నా కంటపడలేదు. కంటపడినా ఆగి ఉండను.

"ఇది నీ చేతి రాత" అన్నారు, కిందికి దిగుతూ. "నేను ఎవరికీ చెప్పను. చెప్పాల్సింది నేను కాదు."

ఆయన వెళ్లాక నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. బ్లేడు తీసుకుని ట్రేసింగు మీది పాత అంకెలు గీకేశాను. ఆయన నేర్పినట్టే, బేరింగు ముఖం నుంచి కొత్త కొలతలు వేశాను. చక్కగా కుదిరాయి. ప్రింటు తీశాను. పాత ప్రింటు లేతు పక్కన మేకుకు వేలాడుతోంది. దాన్ని లాగేసి దీన్ని తగిలిస్తే, డ్రాయింగు ఒప్పు, లేతు మనిషి తప్పు. ఆయన సుద్దతో గీసినప్పుడు నాకు న్యాయం తెలిసింది, సిరా ఆరేలోపు దాన్ని అమ్ముకోవడమూ తెలిసింది.

చొక్కా లోపల ప్రింటు దాచుకుని కిందికి వెళ్లాను. అన్న మేకు దగ్గరే ఉన్నాడు. పెదవి ఉబ్బి ముక్కుకు అంటుకుంది. ఒక కన్ను మూసుకుపోయింది. తెరుచుకున్న కన్నును పాత ప్రింటుకు దగ్గరగా పెట్టి ఒక్కో అంకె మీదా వేలు పెడుతున్నాడు.

"తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి. నేను ఏడ తప్పిన్నో జెర సూడు" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. "మూడు మాట్ల కొలిచి జేసిన. ఏడనో తప్పే ఉంటిని, లేకుంటె గట్ల గాదు. ఒప్పుకోనీకైన నాకు తెల్వాలె గదా, ఏం తప్పు జేసిన్నో."

నా చొక్కా లోపల కాగితం కడుపుకు అంటుకుంది. దాన్ని తీసి అక్కడే నాలుగు ముక్కలుగా చింపాను. పాత ప్రింటును మేకు మీంచి తీసుకున్నాను.

"నువ్వు తప్పలే, అన్నా. నేను తప్పిన."

"ఏందిరా?"

చెప్పేలోపే లారీ హారను వినిపించింది.

ఈసారి ఆరుగురు వచ్చారు. సేటు వెళ్లి లేతు అన్న చెయ్యి పట్టుకుని ముందుకు తోశాడు. "ఒప్పుకో, ఒప్పుకుంటె అయిపాయె" అన్నాడు. నేను మధ్యలోకి వెళ్లాను. గొంతు ఆడపిల్ల గొంతులా వచ్చింది.

"తప్పు డ్రాయింగుది. డ్రాయింగు నాది."

చిన్నవాడి పిడికిలి ముక్కు మీద పడింది. ముక్కు ఎముక విరగడం చెవుల లోపల వినిపిస్తుందని అప్పుడే తెలిసింది. పడ్డాక కాళ్లు వచ్చాయి. పక్కటెముకలు, వీపు, మళ్లీ పక్కటెముకలు. ఎవరో మరాఠీలో తిడుతున్నారు. సేటు, "అరె, వీడు కొత్త పోరడు, వీనికేం దెల్వది, అబద్ధం జెప్తుండు" అంటున్నాడు. డ్రాయింగు తప్పని తేలితే తనిఖీ లేకుండా పంపిన తన మెడకు చుట్టుకుంటుందని ఆయనకు తెలుసు.

"ఆగుండ్రి" అన్నాడు పెద్దవాడు. నా చొక్కా కాలరు పట్టి లేపాడు. "అబద్ధమో నిజమో చెప్పనీ. నేను బండ్ల పని జేసేటోన్ని. సమజ్ జేయి నాకు. సమజ్ గాకుంటె ఇద్దర్నీ ఈడ్నే పండవెడ్త."

పెద్దాయన షాఫ్టును తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి పక్కకు జరిగారు. ఒక్క మాట సాయం చేయలేదు. ముక్కులోంచి కారుతున్న రక్తం షాఫ్టు మీద పడుతుంటే చేత్తో తుడుస్తూ చెప్పాను. ఇది బేరింగు ఆనే ముఖం. ఇది రోటరు ఆనే ముఖం. మధ్యలో నాలుగు మెట్లు. ఒక్కో మెట్టుకు నేను అర మిల్లీమీటరు వదిలాను. ఈయన అందులో ఒక్కదాన్నీ దాటలేదు. నాలుగూ కలిస్తే ఒకటి పాయింట్ నాలుగు. సందు ఒకటిన్నర. పెద్దవాడు వెర్నియరు లాక్కుని తానే కొలిచాడు. కొలిచి ప్రింటు మీది అంకెలు చూశాడు. మళ్లీ కొలిచాడు.

"గేరుబాక్సుల సందుకు పెట్టే షిమ్ము రేకులసుంటిదే గదా" అన్నాడు, తనలో తాను. "ఒక్కోటి మంచిదే. అన్నీ గలిస్తె గేరు పడది." తర్వాత లేతు అన్న వంక చూశాడు. "నువ్వు పో."

అన్న కదల్లేదు.

పెద్దవాడు నా కుడి చెయ్యి తీసుకుని లేతు బెడ్డు మీద పరిచాడు. చాలా మెల్లగా పరిచాడు. "గీ చెయ్యే గదా రాసింది?" అన్నాడు. నేను తలూపాను. జాకీ రాడ్డు ఒక్కసారే దిగింది. మూడు వేళ్లు నలిగిపోయాయి. రెండోసారి ఎత్తినప్పుడు లేతు అన్న తన ఉబ్బిన ముఖంతో వచ్చి నా చేతి మీద తన రెండు చేతులూ పెట్టాడు. ఆ చేతుల కోసమే వాళ్లు పొద్దున వచ్చారు. రాడ్డు కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత సేటు గది అద్దం మీద పడింది. అద్దం పగిలిపోయింది. లారీ కదిలింది.

కన్ను పోయిన మనిషిని చూడడానికి నేను రెండుసార్లు మద్నూరు వెళ్లాను. రెండుసార్లూ తలుపు తీయలేదు. అది వాళ్ల హక్కు. సేటు నన్ను నెల తిరక్కుండానే పంపేశాడు. లేతు అన్న మాత్రం లేతు మీదే ఉన్నాడు, వయసుడిగి కళ్లు కనబడనంతవరకు.

పేర్లు రాయవద్దని ఆ ఇళ్లలో ఇప్పుడున్నవారు అడిగారు కాబట్టి వావివరసలతోనే దండం పెడుతున్నాను. తన ముఖం ఉబ్బి ఉండగానే నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని దవాఖానకు తొక్కిన లేతు అన్నకు. కొట్టి నేర్పిన, నేర్పాక పక్కకు జరిగిన పెద్దాయనకు. ఎడమ చేత్తో అంకెలు రాయడం నేర్చుకుంటున్నానని పాత రిజిస్టరు కాగితాలు ఇచ్చిన గ్రంథాలయం సారుకు. చెయ్యి మానేదాకా మూడు నెలలు అన్నం కలిపి ముద్దలు పెట్టిన మా అక్కకు. కొలతలన్నీ మళ్లీ సరిచూసి ఈ కాగితాలు చదివి పెట్టిన లేతు అన్న పెద్ద కోడలికి.